ఆకాశం నీలం, సాయంత్రం ఎరుపు: పాలచుక్కలతో పిల్లలకు ఇంట్లోనే ఎలా చూపించాలి

ఈ ప్రశ్న నన్ను అడగని తల్లిదండ్రులు లేరు. పిల్లాడు "ఆకాశం నీలంగా ఎందుకుంటుంది?" అంటాడు, మీరు కాంతి, తరంగదైర్ఘ్యం, పరిక్షేపణం అని మొదలుపెడతారు, రెండో వాక్యానికే వాడి చూపు కిటికీ బయటికి వెళ్లిపోతుంది. లేదంటే మనందరికీ చిన్నప్పుడు ఎవరో చెప్పిన "సముద్రం రంగు ఆకాశంలో కనపడుతుంది నాన్నా" అనే జవాబు చెప్పేస్తారు, అది తప్పు.

నేను స్కూల్లో సైన్సు చెప్తాను. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఏంటంటే, ముందు చూపించాలి, తర్వాత చెప్పాలి, అదీ నీలాన్నీ ఎరుపునీ రెండు వేర్వేరు పాఠాలుగా కాకుండా ఒకే డబ్బాలో ఒకేసారి చూపించాలి. ఎందుకంటే అవి రెండు విషయాలు కావు. దారిలో పక్కకు చెదిరిపోయిన వెలుగు నీలం, అది పోగా మిగిలి మన దాకా వచ్చిన వెలుగు ఎరుపు. పిల్లలకు ఈ ఒక్క సంగతి కళ్లతో కనపడితే చాలు. మూడో తరగతి చదివే మా చెల్లి కొడుకుతో చేసినప్పుడు ఎలా జరిగిందో అలాగే రాస్తున్నాను, కొలతలతో సహా.

ఏమేం కావాలి

- పారదర్శకమైన పొడవాటి డబ్బా ఒకటి. పప్పులు పోసుకునే 2 లీటర్ల దీర్ఘచతురస్రపు ప్లాస్టిక్ డబ్బా బాగా పనికొస్తుంది, లేదా చిన్న చేపల తొట్టి. పొడవు 20 నుంచి 25 సెంటీమీటర్లు ఉండాలి. గోడలు నున్నగా, తేటగా ఉండాలి, మసకగా ఉన్న ప్లాస్టిక్ వద్దు.
- మంచినీళ్లు 2 లీటర్లు.
- మీగడ తీసిన పాలు రెండు టీ స్పూన్లు. ఈ పాల సంగతి కింద వివరంగా చెప్తాను, ఎందుకంటే సగం మందికి ప్రయోగం చెడేది ఇక్కడే.
- టార్చ్ లైటు, లేదా ఫోన్ ఫ్లాష్ లైటు. తెల్లటి వెలుగు వచ్చేది కావాలి.
- నల్ల చార్టు ముక్క, మధ్యలో రూపాయి బిళ్ల కంటే చిన్నగా, సెంటీమీటరు వెడల్పున రంధ్రం చేసి ఉంచుకోండి.
- తెల్ల కాగితాలు రెండు.
- టీ స్పూను. లీటరు కంటే చిన్న పాత్రలో చేస్తుంటే పిల్లల మందు సీసాతో వచ్చే డ్రాపర్.
- చీకటి చేయగలిగిన గది. రాత్రి భోజనాలయ్యాక చేస్తే అసలు బాధే ఉండదు.

పాల గురించి. ఇంట్లో ఉన్న గేదెపాలో, ఫుల్ క్రీమ్ ప్యాకెట్టో తీసి పోసేయకండి. పాలలో రెండు రకాల నలుసులు ఉంటాయి. ఒకటి కొవ్వు బిందువులు, ఇవి పెద్దవి, అన్ని రంగుల్నీ ఒకేలా చెదరగొడతాయి, అందుకే చిక్కటి పాలు అంత తెల్లగా ఉంటాయి. రెండోది కేసిన్ అనే ప్రోటీన్ ముద్దలు, ఇవి చాలా చిన్నవి, మిల్లీమీటరులో పదివేల వంతుకు కాస్త అటూ ఇటూ. మనకు పనికొచ్చేవి ఈ చిన్నవే, నీలాన్ని ఎక్కువగా చెదరగొట్టేది ఇవే. కాబట్టి పాలు కాచి, చల్లార్చి, మీగడ పూర్తిగా తీసేసి, కింద పాలు మాత్రం తీసుకోండి. స్కిమ్డ్ మిల్క్ పౌడర్ దొరికితే ఇంకా మంచిది, పావు స్పూను పొడిని అర కప్పు గోరువెచ్చటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, ఆ పల్చటి పాలను వాడుకోండి. దీన్ని స్పూన్ల లెక్కన కాకుండా రంగు చూసుకుంటూ పోయాలి, మామూలు పాల కంటే ఎక్కువే పడుతుంది. మజ్జిగ మాత్రం వద్దే వద్దు, పాలు తోడుకుంటే ఆ ప్రోటీన్ ముద్దలన్నీ ఒకదానికొకటి అతుక్కుని పెద్దవైపోతాయి, ఎంత పల్చగా చేసినా తెల్లగానే ఉంటుంది.

ముందుగా రెండు జాగ్రత్తలు

టార్చ్‌లోకి నేరుగా చూడొద్దని పిల్లలకు చెప్పండి, మామూలు నీళ్ల గుండా చూసినా వెలుగు కళ్లలో గట్టిగానే పడుతుంది. లేజర్ పాయింటర్ వాడొద్దు. కంటికి ప్రమాదం అన్నది ఒక కారణమైతే, దానిలో ఉండేది ఒకే రంగు కాబట్టి విడిపోవడానికి రెండో రంగే ఉండదు అన్నది ఇంకో కారణం. ఈ ప్రయోగం చూశాక పిల్లలు నిజం సూర్యుణ్ని చూడాలని ఉబలాటపడతారు, పైన ఉన్న సూర్యుణ్ని నేరుగా చూడకూడదని అప్పుడే గట్టిగా చెప్పండి.

ఎలా చేయాలి

1. డబ్బాలో నీళ్లు పోసి బల్ల మీద పెట్టండి. బుడగలు గోడలకు అంటుకుని ఉంటే అయిదు నిమిషాలు ఆగండి, లేదా వేలితో తట్టండి. బుడగలు కూడా వెలుగును చెదరగొడతాయి, పిల్లాడు వాటినే చూస్తూ కూర్చుంటాడు.

2. డబ్బా పొట్టి గోడకు నల్ల చార్టు ఆనించి, రంధ్రం నీటిమట్టానికి కింద, మధ్యలోకి వచ్చేలా పెట్టండి. దాని వెనక టార్చ్ పెట్టండి. వెలుగు డబ్బా పొడవునా ప్రయాణించి అవతలి గోడ నుంచి బయటికి రావాలి. ఫోన్ వాడుతుంటే నీళ్లు చిమ్మకుండా కింద గుడ్డ వేసుకోండి.

3. అవతలి గోడ నుంచి ఓ జానెడు దూరంలో తెల్ల కాగితం నిలబెట్టండి. అందులో తెల్లటి మచ్చ పడాలి. ఇది మన 'సూర్యుడు'.

4. లైట్లు ఆర్పండి. ఇప్పుడు పక్క నుంచి, అంటే పొడుగ్గా ఉన్న గోడ వైపు నుంచి, నీళ్లలోకి చూడమనండి. ఏం కనపడుతుంది? దాదాపు ఏమీ లేదు. వెలుగు అక్కడి నుంచే వెళ్తోంది, కాగితం మీద పడుతోంది, కానీ పక్కన ఉన్నవాళ్లకు కనపడటం లేదు. ఇక్కడ తొందరపడకండి. పిల్లాడి నోటితో "మధ్యలో వెలుగు కనపడట్లేదు" అనిపించండి. మావాడు చెయ్యి అడ్డం పెట్టి చూశాడు, చేతి మీద వెలుగు పడింది, "ఇక్కడ ఉంది పెద్దమ్మా, కానీ కనిపించట్లేదు" అన్నాడు. నాకు కావాల్సింది అదే. వెలుగు మన కంటిలోకి వస్తేనే మనకు కనపడుతుంది, పక్క నుంచి పోతే కనపడదు. చంద్రుడి మీద పగలు కూడా ఆకాశం నల్లగా ఉండేది ఇందుకే, అక్కడ వెలుగును పక్కకు మళ్లించడానికి గాలి లేదు.

5. ఇప్పుడు పావు టీ స్పూను పాలు పోసి నెమ్మదిగా కలపండి. నీళ్లు స్థిరపడే దాకా ఆగి మళ్లీ పక్క నుంచి చూడండి. వెలుగు దారి పొగమంచులా కనపడటం మొదలవుతుంది. రంగు ఇంకా స్పష్టంగా ఉండకపోవచ్చు.

6. ఇలా పావు స్పూను చొప్పున పోస్తూ, ప్రతిసారీ కలిపి, రెండు చోట్లా చూడండి: పక్క నుంచి డబ్బానీ, అవతల కాగితం మీద మచ్చనీ. రెండు లీటర్లకు మొత్తం అర స్పూను నుంచి ఒక స్పూను దగ్గర పక్క నుంచి చూస్తే లేత నీలి ఛాయ వస్తుంది. అదే సమయానికి కాగితం మీద మచ్చ తెలుపు పోయి పసుపు పచ్చగా మారుతుంది. పిల్లాణ్ని ఈ రెండు చోట్లకూ తిప్పుతూ ఉండండి, ఒక్క చోటే నిలబడి చూస్తే సగమే అర్థమవుతుంది.

7. ఒకటిన్నర నుంచి రెండు స్పూన్ల దాకా వెళ్లండి. మచ్చ నారింజ రంగులోకి దిగుతుంది, వెలుగు కూడా మందగిస్తుంది. ఇదే సాయంత్రం సూర్యుడు. ఇప్పుడు కావాలంటే పిల్లాడు అవతలి గోడ దగ్గర కళ్లు పెట్టి, వెలుగు బాగా మందగించాక మాత్రమే, డబ్బా గుండా టార్చ్ వైపు ఒక్క క్షణం చూడొచ్చు, నారింజ రంగు బిళ్లలా కనపడుతుంది.

8. చివరిగా ఒకటి, దీన్ని చాలామంది వదిలేస్తారు. పక్క నుంచి చూస్తూ వేలితో టార్చ్ ఉన్న వైపు నుంచి అవతలి వైపుకు డబ్బా గోడ మీద నెమ్మదిగా గీయమనండి. టార్చ్ దగ్గర నీలంగా ఉన్నది, పోను పోను తెల్లబడి, చివర్లో పసుపు పచ్చగా అవుతుంది. ఒకే డబ్బా, ఒకే నీళ్లు, ఒకే వెలుగు. మారిందల్లా వెలుగు నడిచిన దూరం.

అప్పుడు పిల్లాడికి ఏం చెప్పాలి

ఎక్కువ వద్దు. తెల్లటి వెలుగులో అన్ని రంగులూ కలిసి ఉంటాయని వానవిల్లు చూసిన పిల్లలందరికీ తెలుసు. ఆ తర్వాత నేను చెప్పేది చెరువు సంగతి. చెరువు ఒడ్డున నీళ్లలో సన్నటి కర్ర ఒకటి పాతి ఉందనుకో. పెద్ద అల వస్తే కర్రను పట్టించుకోకుండా దాటిపోతుంది. చిట్టి చిట్టి అలలు వస్తే కర్రకు తగిలి చుట్టూ చెదిరిపోతాయి. వెలుగు కూడా అలలాంటిదే, ఎరుపు పొడుగు అల, నీలం పొట్టి అల. గాలిలో ఉన్న అతి చిన్న అణువులే ఆ కర్రలు.

ఎంత తేడా అంటే, అల పొడవు తగ్గేకొద్దీ చెదరడం మామూలుగా కాదు, దాని నాలుగో ఘాతం లెక్కన పెరుగుతుంది. నీలం అల పొడవు సుమారు 450 నానోమీటర్లు, ఎరుపుది సుమారు 650. లెక్క వేస్తే నీలం ఎరుపు కంటే నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. ఈ లెక్కను 1871లో ఇంగ్లండుకు చెందిన భౌతిక శాస్త్రవేత్త రేలీ చెప్పాడు, అందుకే దాన్ని రేలీ పరిక్షేపణం అంటారు. పిల్లాడికి 'నాలుగు రెట్లు' చాలు, ఘాతం వద్దు.

సాయంత్రం సంగతికి మాటల కంటే కాగితం ముక్కల ఆట బాగా పనిచేస్తుంది. నీలం ముక్కలు 16, ఎరుపు ముక్కలు 16 తీసుకోండి. నేల మీద మూడు అరలు గీయండి, ఒక్కో అర కొంత గాలి. నియమం: ప్రతి అరలో చేతిలో ఉన్న నీలం ముక్కల్లో సగం పక్కకు వేసేయాలి, ఎరుపు ముక్కల్లో దాదాపు ఎనిమిదింటికి ఒకటి చొప్పున, అంటే మూడు అరల్లో వరసగా 2, 2, 1 మాత్రమే వేయాలి. మొదటి అర దాటేసరికి చేతిలో 8 నీలం, 14 ఎరుపు. రెండో అర దాటితే 4 నీలం, 12 ఎరుపు. మూడోది దాటితే 2 నీలం, 11 ఎరుపు. ఇప్పుడు పిల్లాణ్ని చుట్టూ చూడమనండి. పక్కన పడి ఉన్నవి 14 నీలం, 5 ఎరుపు: అది ఆకాశం. చేతిలో ఉన్నవి 2 నీలం, 11 ఎరుపు: అది మునిగే సూర్యుడు. మధ్యాహ్నం సూర్యుడంటే ఒక అరలో పావు వంతు కూడా దాటనట్టు, చేతిలో ముక్కలు దాదాపు అన్నీ ఉంటాయి, అందుకే తెల్లగా కనపడతాడు.

మావాడు ఇక్కడే ఆగి, "పక్కన పడిన నీలం ఎవరిది పెద్దమ్మా?" అన్నాడు. ఇంత మంచి ప్రశ్న పెద్దవాళ్లెవరూ నన్ను అడగలేదు. మేముండేది విశాఖపట్నం, కాబట్టి మా ఊరి లెక్కే వేసి చూపించాను. మార్చి, సెప్టెంబరు నెలల్లో సూర్యుడు దాదాపు నేరుగా పడమరన మునుగుతాడు. మాకు పడమరన ఖమ్మం ఉంది, గీత గీసినట్టు కొలిస్తే 330 కిలోమీటర్ల పైచిలుకు. భూమి గుండ్రం కాబట్టి, మా దగ్గర నేలను రాసుకుంటూ వచ్చే ఆ ఆఖరి వెలుగు ఖమ్మం మీదుగా వచ్చేటప్పుడు దాదాపు 9 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది, అక్కడి నుంచి మెల్లగా కిందికి దిగుతూ దట్టమైన గాలిలోనే మా దాకా రావాలి. నెత్తిమీద సూర్యుడున్నప్పుడు దాటే గాలితో పోలిస్తే, క్షితిజం దగ్గర దాటాల్సిన గాలి సుమారు 38 రెట్లు. దారి పొడవునా చెదిరిన నీలం అంతా కింద ఉన్న ఊళ్ల ఆకాశానికి పోయింది, అక్కడ ఇంకా సూర్యుడు మునగలేదు. "అయితే ఖమ్మం వాళ్ల ఆకాశంలో పడినది పోగా మిగిలింది మనకొచ్చింది" అన్నాడు. అంతే. మీరు ఏ ఊళ్లో ఉన్నా పటం తీసి, మీకు పడమరన మూడు వందల కిలోమీటర్ల చిల్లర దూరంలో ఏ ఊరుందో చూడండి, పిల్లలకు ఆ ఊరి పేరుతో చెప్పండి, కథ వాళ్లదవుతుంది.

ఎక్కడ తప్పుతుంది

"మేం చేశాం మేడమ్, అంతా తెల్లగా అయిపోయింది." నాకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే, మొదటిసారి నాకూ ఇదే జరిగింది, చిక్కటి పాలు ఒక పెద్ద గరిటెడు పోశాను. పాలు ఎక్కువైతే వెలుగు ఒకసారి కాదు, పదిసార్లు అటూ ఇటూ చెదిరి, అన్ని రంగులూ మళ్లీ కలిసిపోయి మన కంటికి చేరతాయి, కాబట్టి తెలుపే. దీన్ని సరిచేయడం సులువే: సగం నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు పోయండి, మళ్లీ చూడండి, అవసరమైతే ఇంకోసారి. కడిగి మొదలుపెట్టక్కర్లేదు. ఆ తెల్లటి డబ్బాను పారబోసే ముందు పిల్లాడికి చూపించి "ఇది మబ్బు" అని చెప్పండి. మబ్బులో నీటి బిందువులు గాలి అణువుల కంటే ఎంతో పెద్దవి, అన్ని రంగుల్నీ సమానంగా చెదరగొడతాయి. ఆకాశం నీలం, మబ్బు తెలుపు ఎందుకన్న ప్రశ్న కూడా అక్కడే తీరిపోతుంది.

రెండో ఫిర్యాదు, "ఎరుపు రాలేదు, పసుపే వచ్చింది". ఇది మీ తప్పు కాదు. ఫోన్ ఫ్లాష్, ఎల్ఈడీ టార్చ్‌లలో వెలుగు నీలం ఎల్ఈడీ మీద పసుపు పొడి పూసి తయారుచేసినది, అందులో అసలు ఎరుపే తక్కువ. కాబట్టి వాటితో నీలం బాగా వస్తుంది, సాయంత్రం మాత్రం నారింజ దగ్గర ఆగుతుంది. పాత రకం బల్బు టార్చ్ ఉంటే తిరగబడుతుంది, అస్తమయం ఎర్రగా అద్భుతంగా వస్తుంది, నీలం మాత్రం కళ్లు చికిలించుకుని వెతుక్కోవాలి. రెండూ ఉంటే రెండింటితోనూ చేయండి. ఒక్కటే ఎంచుకోవాలంటే నేను ఎల్ఈడీనే ఎంచుకుంటాను, పిల్లల మొదటి ప్రశ్న నీలం గురించి కాబట్టి.

మూడోది గది చీకటిగా లేకపోవడం. వంటింటి ట్యూబ్ లైటు సందులోంచి పడుతున్నా సరే ఆ లేత నీలం మాయమైపోతుంది. డబ్బా వెనక నల్ల గుడ్డ కట్టండి, తెల్ల గోడ ముందు చూస్తే నీలం కనపడదు.

నాలుగోది ఫోటోలు. ఫోన్ కెమెరా తెలుపును తానే సరిచేసుకుంటుంది, కాబట్టి మీరు కళ్లతో చూసిన నారింజ రంగు ఫోటోలో తెల్లగా, నీలం బూడిద రంగుగా వస్తుంది. కెమెరాలో ప్రో మోడ్ ఉంటే వైట్ బ్యాలెన్స్‌ను ఎండ గుర్తు మీద పెట్టి, ముందు మామూలు నీళ్లకు ఒకటి, తర్వాత పాలనీళ్లకు ఒకటి, సెట్టింగు మార్చకుండా తీయండి.

వచ్చింది నిజంగా అదేనా అని ఎలా తేల్చుకోవాలి

ఇది ముఖ్యం, ఎందుకంటే నీలం ఆశించి చూసేవాళ్లకు నీలమే కనపడుతుంది. ఎల్ఈడీ వెలుగే కాస్త నీలంగా ఉంటుంది కదా, అదే కనపడుతోందేమో అని పిల్లాడు అడిగితే ఏం చెప్తారు? మొదటి పరీక్ష: టార్చ్ వెలుగును నేరుగా తెల్ల కాగితం మీద వేసి, దాని రంగునూ, పక్క నుంచి డబ్బాలో కనపడే రంగునూ పక్కపక్కన పెట్టి చూడండి. డబ్బాలోది కాగితం కంటే నీలంగా ఉంటేనే మీ ప్రయోగం పని చేసినట్టు. మన దగ్గర రెండు కాగితాలున్నది ఇందుకే.

రెండో పరీక్షకు పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు కావాలి. మీ దగ్గరున్నవి ఆ రకమో కాదో తెలియకపోతే, అద్దాన్ని క్యాలిక్యులేటర్ తెర ముందు పెట్టి నెమ్మదిగా తిప్పండి, ఒకచోట తెర నల్లబడితే ఆ రకమే. ఆ అద్దం గుండా డబ్బాను పక్క నుంచి, వెలుగు దారికి సరిగ్గా అడ్డంగా చూస్తూ తిప్పండి. పాలు తక్కువగా ఉన్నప్పుడు వెలుగు దారి ఒక కోణంలో కాంతిగా, పావు చుట్టు తిప్పితే మందంగా కనపడుతుంది. చిన్న నలుసుల మీద చెదిరిన వెలుగుకు ఉండే గుర్తు ఇది. మర్నాడు సాయంత్రం నాలుగింటికి సూర్యుడికి వీపు పెట్టి కాదు, సూర్యుడు ఒక భుజం వైపు ఉండేలా నిలబడి, ఎదురుగా ఉన్న నీలాకాశాన్ని అదే అద్దంతో తిప్పుతూ చూడండి. అక్కడా అలాగే చీకటి పడి తేరుకుంటుంది. డబ్బాలో జరిగిందీ ఆకాశంలో జరిగిందీ ఒక్కటే అని ఇంతకంటే బాగా చెప్పే సాక్ష్యం ఇంట్లో దొరకదు. పాలు ఎక్కువైన డబ్బాలో ఈ తేడా రాదు, అది కూడా చూపించండి.

ఒక్క విషయం మాత్రం పిల్లలకు దాచకండి. డబ్బాలో చెదరగొట్టినవి పాల నలుసులు, ఆకాశంలో చెదరగొట్టేవి నైట్రోజన్, ఆక్సిజన్ అణువులే, దుమ్ము కాదు. పాల నలుసులు ఆ అణువుల కంటే వందల రెట్లు పెద్దవి, అందుకే డబ్బాలో నీలం ఆకాశమంత చక్కగా ఎప్పటికీ రాదు. దుమ్ము ఎక్కువైతే ఆకాశం నీలం కాదు, తెల్లబారుతుంది. ఎండాకాలం మధ్యాహ్నపు ఆకాశాన్నీ, మంచి వాన కురిసి వెలిసిన మర్నాటి ఆకాశాన్నీ పోల్చి చూడమనండి.

పాలు, డబ్బా కుదరకపోతే

గ్లూ గన్‌లో పెట్టే తెల్లటి గ్లూ కడ్డీ ఒకటి కొనండి, హార్డ్‌వేర్ షాపులోనూ స్టేషనరీలోనూ దొరుకుతుంది. దాని ఒక కొనకు ఫోన్ ఫ్లాష్ ఆనించి చీకట్లో చూస్తే, లైటు దగ్గర నీలి ఛాయ, అవతలి కొన నారింజ. రెండు మూడు కడ్డీలు వరసగా ఆనిస్తే ఇంకా ఎర్రబడుతుంది. జేబులో పట్టే సూర్యాస్తమయం, క్లాసులో నలభై మందికి చూపించాలంటే నేను దీన్నే వాడతాను.

అగరుబత్తి వెలిగించి, దాని పొగను నల్ల గుడ్డ ముందు పక్క నుంచి వెలుగు వేసి చూడండి, నీలంగా ఉంటుంది. అదే పొగను వెనక నుంచి వెలుగు వచ్చేలా తెల్లటి కిటికీకి ఎదురుగా చూస్తే గోధుమ రంగులో కనపడుతుంది. ఊళ్లలో కట్టెల పొయ్యి పొగ కూడా ఇంతే, చెట్ల ముందు నీలం, ఆకాశం ముందు గోధుమ రంగు.

హైపో అనే రసాయనం కరిగించిన నీళ్లలో సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి చేసే ప్రయోగం కూడా ఉంది. గంధకం నలుసులు నెమ్మదిగా పెరుగుతుంటే రంగు మారడం చూడటానికి అది చాలా బాగుంటుంది, కానీ ఆమ్లం ఉంది కాబట్టి స్కూలు ల్యాబులో టీచరు దగ్గరుండి చేయించాలి, ఇంట్లో వద్దు.

తర్వాత వచ్చే ప్రశ్నలు

"ఊదా రంగు అల ఇంకా పొట్టిది కదా, ఆకాశం ఊదాగా ఎందుకు లేదు?" కాస్త పెద్ద పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఊదా కూడా చెదురుతుంది. కానీ సూర్యుడి వెలుగులో ఊదా నీలం కంటే తక్కువ, మన కంటికి ఊదా సరిగా ఆనదు, చెదిరిన ఊదా, నీలం, కాస్త పచ్చ అన్నీ కలిసి మన కంటికి లేత నీలంగానే తోస్తాయి.

"మరి సముద్రం?" ఇది మా ఊరి పిల్లల ప్రశ్న, బీచికి వెళ్లిన ప్రతిసారీ వస్తుంది. అనంతపురానికి సముద్రం ఎక్కడో దూరాన ఉంది, అయినా అక్కడి ఆకాశం ఇంతే నీలం, కాబట్టి సముద్రం నుంచి ఆకాశానికి రంగు రాలేదు. తిరగేసి, ఆకాశం నుంచే సముద్రానికి రంగు వచ్చిందా అంటే, కొంత నిజం, అంతా కాదు. దీన్ని పరీక్షించింది సి.వి. రామన్, ఆయన చిన్నప్పుడు స్కూలు చదువు చదివింది ఈ విశాఖపట్నంలోనే, తండ్రి ఇక్కడి ఎ.వి.ఎన్. కాలేజీలో పాఠాలు చెప్పేవారు. 1921లో ఇంగ్లండు నుంచి ఓడలో తిరిగొస్తూ, మధ్యధరా సముద్రం నీలాన్ని నికోల్ పట్టకం గుండా చూశారు. మన చలువద్దం చేసే పనినే అది చేస్తుంది, నీటి పైతలం మీద ప్రతిఫలించే ఆకాశపు వెలుగును తీసేస్తుంది. అది తీసేశాక కూడా సముద్రం నీలంగానే ఉంది, అంటే ఆ రంగు నీళ్ల లోపలి నుంచి వస్తోంది. వెలుగు చెదరడం మీద అలా పట్టుకున్న పనే 1930లో ఆయనకు నోబెల్ తెచ్చింది. మీ దగ్గర పోలరైజ్డ్ కళ్లద్దాలు ఇప్పటికే ఉన్నాయి కాబట్టి బీచికి వెళ్లినప్పుడు జేబులో పెట్టుకెళ్లి, పిల్లాడి చేతికిచ్చి తిప్పి చూడమనండి, నీటి మీది మెరుపు పోయి కింది రంగు తేలుతుంది.

ప్రయోగం అయ్యాక ఆ డబ్బాను "రేపు అన్నయ్యకు కూడా చూపిద్దాం" అని అలాగే ఉంచకండి. తెల్లారేసరికి, ముఖ్యంగా ఎండాకాలంలో, పాలు విరిగి ముద్దలు కట్టి నీలం పోతుంది, వాసన కూడా వస్తుంది. రాత్రే మొక్కలకు పోసేసి, డబ్బా కడిగి బోర్లించండి, పాలు మాత్రం ఇంకో రెండు స్పూన్లు ఫ్రిజ్‌లో పక్కన పెట్టుకోండి.